అగైన్ మీద ఎర్రగీత

నేను రాసిన మెయిలు నాకే వచ్చింది. పలకరింపు లేదు, జవాబు లేదు, కింద సంతకం కూడా లేదు. నా వాక్యాలు నేను రాసినట్టే ఉన్నాయి, వాటిలో మూడు మాటల మీద మాత్రం ఎర్రగీతలు. ‘రిటర్న్ బ్యాక్’లో బ్యాక్ మీద ఒకటి, ‘రిపీట్ అగైన్’లో అగైన్ మీద ఒకటి, ‘అడ్వాన్స్ ప్లానింగ్’లో అడ్వాన్స్ మీద ఒకటి. హైదరాబాదులో మా హెడ్డాఫీసు మొదలుకొని సైటులో స్టోర్సు దాకా అందరికీ కాపీలు వెళ్ళాయి.

నాకు ఒళ్ళు మండింది. నా ఇంగ్లీషు మీద నాకు కొంచెం పొగరు ఉండేది. కర్ణాటకలో తెలుగు మాట్లాడే మా ఊరు రాయచెర్లు నుంచి బస్సెక్కి పావగడలో డిగ్రీ చదివినదాన్ని. కన్నడ మీడియమే అయినా, హైస్కూల్లో మా ఇంగ్లీషు మేష్ట్రు క్రియాపదానికి ‘ఎస్’ ఎక్కడ తగిలించాలో బెత్తంతో నేర్పాడు. ఇప్పటికీ ఏకవచనం కనపడితే నా అరచెయ్యి దురద పెడుతుంది. అలాంటి నా మెయిల్లో తప్పా?

అప్పుడు నేను సోలార్ పార్కులో ఒక నిర్వహణ కంపెనీ సైటాఫీసులో పనిచేసేదాన్ని. ఆఫీసు అంటే తలుపూ కిటికీలూ కోసిన ఒక ఇనుప కంటెయినరు. చుట్టూ ఎటు చూసినా ప్యానెళ్ళు. “మా పాప కూచునే కుర్చీ కిందనే మా శెనిక్కాయ చేను ఉన్నింది” అని మా నాయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నిజానికి మేము లీజుకిచ్చిన చేను అక్కడికి రెండు బ్లాకుల అవతల. ఎన్నిసార్లు చెప్పినా ఆయన దాన్ని నా కుర్చీ కిందికే లాక్కొచ్చేవాడు.

గేట్ పాసులు, షట్‌డౌన్ పర్మిషన్లు, రిపేరుకు వెళ్ళిన ఇన్వర్టర్ కార్డులు, ప్యానెళ్ళు కడిగే తేదీలు, వీటన్నిటి మీదా ప్లాంటు సొంతదారులకు మెయిళ్ళు రాయడం నా పని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ సొంతదారుల తరఫున బెంగళూరులో కూర్చునే ఒక మేడం సరేనంటేనే నన్ను ఉంచుకుంటారు. కాదంటే బెంగళూరు నుంచే ఒకరిని పంపుతారు, నేను పావగడలో ఏ జిరాక్సు అంగడిలోనో చేరాలి. ఆ ఎర్రగీతలు పంపింది ఆ మేడమే.

ల్యాప్‌టాప్ ఎత్తుకుని మా సైట్ ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్ళాను. ఆయనది హిందూపురం పక్క. వైర్లు లాగే పనితో మొదలుపెట్టి ఆ కుర్చీ దాకా వచ్చినవాడు.

“సార్, దీంట్లో తప్పేముండాదో చెప్పండి.”

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చదివాడు. “తప్పు గాదమ్మా, ఎక్కువ. రిటర్న్ అంటేనే వాపసు. మళ్ళా బ్యాక్ యాలంటాండాది ఆయమ్మ.”

“గట్టిగా ఉంటాదని పెట్టినా సార్.”

“నేనూ అట్లనే పెడతా. నట్టు మీద ఇంకో నట్టు బిగిస్తే లూజు గాదు గదా. కానీ ఆయమ్మకు ఒగ నట్టే సాలంట.”

ఆ పోలిక నాకు భలే నచ్చింది. వెంటనే కూర్చుని మేడానికి వినయంగా, లోపల ఉడుకుతూ ఒక మెయిలు కొట్టాను. నా మెయిల్లో పొరపాటు ఏమిటో దయచేసి ‘రివర్ట్ బ్యాక్’ చేయవలసిందిగా ప్రార్థన. కాఫీ తాగి వచ్చేలోపు జవాబొచ్చింది. నా వాక్యమే. బ్యాక్ మీద ఎర్రగీత.

ఇన్‌ఛార్జి సారు కుర్చీలో వెనక్కి వాలి కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయన మీద కూడా నాకు కోపమొచ్చింది.

మరుసటి రోజు మేడమే ఫోన్ చేసింది. కన్నడంలో, ఎంతో నెమ్మదిగా మాట్లాడింది. అరిచి ఉంటే నాకు సులభంగా ఉండేది, నేనూ మనసులో నాలుగు తిట్టుకునేదాన్ని. ఆమె చెప్పింది ఇది. నీ వ్యాకరణంలో తప్పేమీ లేదు. రిటర్న్ అనే మాటలోనే వెనక్కి రావడం ఉంది. ప్లానింగ్ ఎవరైనా ముందుగానే చేస్తారు, పని అయిపోయాక చేసేదాన్ని ప్లానింగ్ అనరు. రిపీట్ అంటేనే మళ్ళీ చేయడం. దానికి అగైన్ తగిలిస్తే, ఒకసారి మళ్ళీ చేసింది చాలక మూడోసారి చేస్తున్నారా అని నాకు అనుమానం వస్తుంది. నిన్న నీ మెయిలు చూసి ఆ కేబుల్ టెస్టు ఎన్నోసారి చేస్తున్నారో కనుక్కోవడానికి నేను పాత మెయిళ్ళన్నీ వెతికాను. ఊరికే వచ్చిన మాటని చదివేవాడికి తెలియదమ్మా, ఏదో ఉండబట్టే రాశారనుకుని వెతుకుతాడు.

ఆమె మాటలో ఎక్కడా వంక పెట్టడానికి లేదు. నా కోపం రెండింతలైంది. మనమే కరెక్టు అయినప్పుడు వచ్చే కోపం తొందరగా చల్లారుతుంది, ఎదుటివాళ్ళు కరెక్టు అయినప్పుడు వచ్చేదే రోజుల తరబడి ఉంటుంది. నాది వారం దాటింది.

వారం తర్వాత అది కోపం కాదు, పూనకం అయింది. నీకంటే నేనే ఎక్కువ కొట్టేస్తాను చూడు అన్నట్టు తయారయ్యాను. పాత మెయిళ్ళు తీసి చూసుకుంటే నా మీద నాకే జాలేసింది. ‘కైండ్లీ ప్లీజ్’ అట. ‘ఈచ్ అండ్ ఎవ్రీ’ అట. ‘ఎండ్ రిజల్ట్’ అట, రిజల్ట్ ఎక్కడైనా మొదట్లో వస్తుందా? ‘పొద్దున ఏడు గంటలకు ఏ.ఎం.’ అని కూడా రాసి ఉన్నాను. ఏడింటికి ఏ.ఎం. రాసినదాన్ని మళ్ళీ పొద్దున అని ఎవరి కోసం రాశానో దేవుడికే తెలియాలి.

ఇక ఆఫీసులో ఎవరూ నోరు తెరవడానికి లేకుండా పోయింది. స్టోర్సతను “రీచెక్ మళ్ళా చేసినా” అంటే, రీచెక్కులో మళ్ళా ఉందని చెప్పేదాన్ని. సెక్యూరిటీ అతను “మేడం, లోపలికి ఎంటర్ కాండి” అంటే గేటు దగ్గరే నిలబెట్టి పాఠం చెప్పేదాన్ని. పాపం అతను ఆ తర్వాత నన్ను చూస్తే నోట మాట లేకుండా చెయ్యి మాత్రం ఊపేవాడు. ఇన్‌ఛార్జి సారు అయితే తన మెయిళ్ళు నాకు చూపించకుండా దొంగచాటుగా పంపడం మొదలుపెట్టాడు.

ఒకసారి మరీ అతి చేశాను. ఒక కరెంటు ఫీడరు ఆపే ముందు ‘అడ్వాన్స్ నోటీసు’ ఇవ్వాలని ఇన్‌ఛార్జి సారు రాస్తే అడ్వాన్స్ కొట్టేశాను. అదే మెయిల్లో, నిజంగానే ఒకసారి రిపీట్ చేసి ఫెయిలైన టెస్టును ‘రిపీట్ అగైన్’ చేయాలని ఉంటే అగైన్ కూడా కొట్టేశాను. మేడం ఆ రెండు మాటల్నీ తిరిగి పెట్టి పంపింది. ఈసారి పచ్చరంగులో. కింద ఒక వాక్యం: నోటీసు ముందూ ఇస్తారు, వెనకా ఇస్తారు, కాబట్టి అడ్వాన్స్ ఉండాలి. ఇది మూడోసారి టెస్టు, కాబట్టి అగైన్ ఉండాలి. కత్తెర పట్టుకున్నాక గుడ్డ ఏదో చూసుకో.

ఇంగ్లీషులో రాసిందే, కానీ మా అమ్మ తిట్టినట్టు అనిపించింది. ఎందుకో ఆ రోజు నుంచి మేడం మీద కోపం పోయింది. కత్తెర మాత్రం కింద పెట్టలేదు.

ఇంట్లో ఇంకా అధ్వాన్నం. మా ఇంట్లో ఏ మాటా ఒంటరిగా బయటికి రాదని నాకు అప్పుడే తెలిసింది. “నడి మద్దెన పెట్టినావేమే చెంబు”, “మళ్ళా ఇంగోసారి చెప్పు”, “సుట్టూరా నాలుగు పక్కలా చూసినా”. మా నాయన ఒక పూట మాట్లాడితే నేను కొట్టేయగా మిగిలేది దగ్గు ఒక్కటే. అన్నం తింటూ ఒకరోజు దిద్దబోయాను.

“నాయినా, మళ్ళా అంటేనే ఇంగోసారి. రెండూ యాలా?”

ఆయన ముద్ద ఆపి నన్ను చూశాడు. “పాపా, నిన్ను ఒగసారి పిలిస్తే ఏ పొద్దన్నా పలికినావా? రెండోసారి పిలిస్తేనే గదా ‘ఆఁ’ అనేది.”

“అది వేరే నాయినా.”

“ఏం వేరే? ఒగసారి పిలిస్తే చెవికి, రెండోసారి పిలిస్తే మనిషికి.”

మా నాయనకు పిలుపుల విషయంలో పట్టింపు ఎక్కువ. మా పక్కల పెళ్ళయినా, దేవర జాతర అయినా ముందు ఇంటింటికీ వచ్చి చెప్పిపోతారు. అది కబురు. వంట దిగాక మళ్ళీ మనిషి వచ్చి “లేయండప్పా, అన్నానికి రాండి” అనాలి. అది పిలుపు. నా చిన్నప్పుడు వెనక వీధిలో సొంత చుట్టాల ఇంట్లో పెళ్ళి. వాళ్ళు ఏ హడావిడిలో ఉన్నారో, రెండోసారి మా ఇంటికి మనిషి రాలేదు. మా నాయన కొత్త పంచె కట్టుకుని, తల దువ్వుకుని, వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. పొట్టేలు కూర వాసన గోడ దాటి వస్తూనే ఉంది. మేమందరం ఆకలితో గుటకలు మింగుతున్నాం. ఆయన లేవలేదు, మమ్మల్ని లేవనివ్వలేదు. సాయంత్రం పంచె మడత పెట్టి పెట్టెలో పెట్టేసి, “మనల్ని పిల్సలేదు” అన్నాడు. పత్రిక చేత్తో ఇచ్చి, పసుపు కుంకుమ పెట్టి చెప్పిపోయినవాళ్ళే మరి! ఆ పూట మేము రాగిముద్ద, ఊరిబిండి పచ్చడి తిన్నాం. ఆ కూర వాసన నాకు ఇంకా గుర్తు.

ఇంత తెలిసీ నేను చేసిన పని చూడండి.

ఎండాకాలం మొదలవుతోంది. ప్యానెళ్ళ మధ్య పెరిగిన గడ్డి ఎండిపోతే నిప్పురవ్వ చాలు, తగలబడిపోతుంది. మనుషులతో కోయించడం బదులు గొర్రెల్ని మేపితే రెండు విధాలా మేలు అని మేడమే ఆలోచన చేసింది. మా ఊళ్ళ గొర్రెలవాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నదే అది. షరతు ఒక్కటే, మేకలు రాకూడదు. గొర్రె కింద గడ్డి చూసుకుంటుంది, మేక పైకి చూస్తుంది. ప్యానెల్ ఎక్కుతుంది, కేబుల్ కొరుకుతుంది. మొదటి రోజు ఒక బ్లాకులో మేపి చూపించాలి. చూడటానికి బెంగళూరు నుంచి మేడం, ఆమె పైఅధికారులు వస్తారు. ఏర్పాట్లన్నీ నావి. “ఇది సక్కగా అయితే నీ ఉద్యోగం ఖాయమమ్మా” అని ఇన్‌ఛార్జి సారు చెవిలో వేశాడు.

గొర్రెలు తోలే దారులు మూసినా, తెరిచినా గొర్రెలవాళ్ళతో మా ఉత్తర ప్రత్యుత్తరాలు పక్క ఊరు క్యాతగానచెర్లులో ఉన్న వాళ్ళ సంఘం సెక్రెటరీ ద్వారా నడిచేవి. ఆయన నాకు వరసకు మామ. సంఘం గదిలో ఒక కంప్యూటర్, ప్రింటర్ ఉన్నాయి. మా మెయిలు వస్తే ప్రింటు తీసి గోడకు అంటించి, గొర్రెలవాళ్ళకు చదివి వినిపించేవాడు.

ఇన్‌ఛార్జి సారు తన పద్ధతిలో చిత్తుప్రతి రాసిచ్చాడు. ముందస్తు అడ్వాన్స్ సమాచారంగా తెలియజేయడమేమనగా అని మొదలై, మళ్ళీ మరొక్కసారి రిపీట్ చేస్తున్నాము, తప్పకుండా పాజిటివ్‌గా దయచేసి విచ్చేయండి అని ముగిసింది. నేను చేతులు నలుపుకుని కత్తెర పట్టాను. చివరికి మిగిలింది రెండు వాక్యాలు. గురువారం పొద్దున ఏడింటికి గొర్రెలను మూడో గేటుకు తీసుకురండి. మేకలు వద్దు.

కాపీ మేడానికీ పెట్టాను. ఆమె నుంచి ఒకే మాట వచ్చింది. ‘పర్‌ఫెక్ట్.’

ఆ మాటను నేను ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో చెప్పను. ఎర్రా లేదు, పచ్చా లేదు, నల్లటి పర్‌ఫెక్ట్. బుధవారం సాయంత్రం ఇన్‌ఛార్జి సారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“సెక్రెటరీకి రిమైండర్ ఏసినావా? ఏ పనికైనా ముందు రోజు ఇంగో మెయిలు ఏస్తాం గదా.”

“ఏసినదే మళ్ళా ఏసేదేంది సార్? వాళ్ళకు మెయిల్ అందింది. చదువుకున్నారు.”

“అట్ల గాదమ్మా...”

“మేడం పర్‌ఫెక్ట్ అన్నాది సార్.”

పాపం, ఆయన తిరిగి తన కుర్చీకి వెళ్ళిపోయాడు.

గురువారం పొద్దున మూడో గేటు దగ్గర షామియానా, కుర్చీలు, కొబ్బరిబోండాలు సిద్ధం. మేడం మనిషిని చూడటం అదే మొదటిసారి. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, కాళ్ళకు బూట్లతో కారు దిగి, నా చెయ్యి పట్టుకుని నవ్వింది. వెనక ఇద్దరు పెద్దవాళ్ళు, మెడలో కెమెరాతో ఇంకొకరు. అందరూ గేటు వైపు చూశారు. గేటు బార్లా తెరిచి ఉంది. దారి మీద దుమ్ము లేదు, గంట చప్పుడు లేదు, గొర్రె కాదు కదా గొర్రె వెంట్రుక కూడా లేదు.

ఏడు దాటింది. ఏడున్నర అయింది. కెమెరా అతను విసుగుపుట్టి ఖాళీ గేటును ఫోటో తీసుకున్నాడు. పెద్దవాళ్ళలో ఒకరు, ఇంతకీ వాళ్ళకు చెప్పారా అని ఇంగ్లీషులో మేడాన్ని అడిగారు. “చాలా స్పష్టంగా చెప్పాం” అందామె, నా వైపు చూస్తూ. సెక్రెటరీ మామకు ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. జిరాక్సు అంగడి నా కళ్ళముందు తలుపులు తెరుచుకుంది.

స్కూటీ ఎక్కి క్యాతగానచెర్లుకు పరుగు తీశాను. దారంతా సెక్రెటరీ మామను ఏమేం తిట్టాలో వరసగా పేర్చుకున్నాను. ఒక్క మాట కూడా రెండుసార్లు రాకుండా పేర్చుకున్నాను, అలవాటు కదా.

సంఘం గది ముందుకు వెళ్ళి స్కూటీ ఆపేసరికి నా తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అందరూ అక్కడే ఉన్నారు. తెల్ల పంచెలు, తలగుడ్డలు, చేతిలో కర్రలు, భుజాన సద్ది మూటలు. గొర్రెలు మంద కట్టి పక్క బీట్లో నిలబడి ఉన్నాయి. కొన్నిటికి నుదుట బొట్టు కూడా పెట్టారు. మంద వెంట తిరిగే మేకలన్నిటినీ ఏరి విడిగా కట్టేసి ఉన్నారు. అంటే మెయిల్లో రెండో వాక్యం కూడా అక్షరం పొల్లు పోకుండా అందిందన్నమాట. సెక్రెటరీ మామ ఇస్త్రీ చొక్కాతో అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

“మామా! ఈడేం చేస్తాండారు అందరూ?”

“రా పాపా. నీ కోసమే కాసుకోనుండాము.”

“నా కోసమా? ఏడింటికి రమ్మని మెయిల్ వేసినా గదా! అందలేదా?”

“అందకుండా ఏం? అదో, గోడకుండాది. ఒగసారే వచ్చినాది.”

“ఒగసారి వస్తే సాలదా?”

ఆయన బీడీ ఆర్పేసి నన్ను జాలిగా చూశాడు. “అది కబురు పాపా. ఎప్పుడూ మీరు ముందు ఒగటి ఏస్తారు, దాని వెనకాల ‘రిపీట్ అగైన్’ అని ఇంగోటి ఏస్తారు. శానా మాట్లు మొదటిది క్యాన్సిల్ అయితాది, రెండోది నిలుస్తాది. ఈ తూరి రెండోది రాలా. ఆగిపోయినాదేమో అనుకున్నాం. అయినా పిలుస్తారేమోనని గుడ్డలేసుకోని కూచున్నాం. పిల్సకుండా అంత మంది పెద్దోళ్ళ కాడికి ఎట్ల పొయ్యేది? మానం బోదా?”

“మరి ఫోన్ ఎత్తలేదే?”

“ఫోన్ ఇంట్లో ఛార్జింగుకు పెట్టినా. పిలిసే మనిషి ఈడికొచ్చి పిలుస్తాడు గదా, ఫోనెందుకు?”

కొత్త పంచె కట్టుకుని మంచం మీద కూర్చున్న మా నాయన, గోడ దాటి వచ్చే కూర వాసన, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి. ఇన్‌ఛార్జి సారు మెయిళ్ళలో అగైన్‌లను కొట్టేసింది సరే. దాంతోపాటు పిలుపునే కొట్టేశాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు నవ్వే వచ్చింది.

స్కూటీ దిగి, చున్నీ సర్దుకుని, వాళ్ళందరి ముందూ నిలబడి, మా ఊళ్ళో వంట దిగాక పిలిచే మనిషి ఎలా పిలుస్తాడో అచ్చం అలాగే పిలిచాను.

“లేయండప్పా, గొర్రెలు తోలుకోని రాండి!”

ఆ మాట కోసమే కాచుకున్నట్టు అందరూ ఒక్కసారి లేచారు.

గొర్రెలు మూడో గేటు చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. దుమ్ము లేచింది, గంటలు మోగాయి, కెమెరా అతను లేచి పరుగెత్తాడు. మంద ప్యానెళ్ళ కిందికి పారి, వంచిన తల ఎత్తకుండా మేత మొదలుపెట్టింది. పెద్దవాళ్ళు కొబ్బరిబోండాలు పట్టుకుని మంద వెనకే నడిచారు. ఎక్కడి నుంచో తాడు తెంపుకుని ఒక మేక మాత్రం వెంట వచ్చేసింది. అది ప్యానెల్ మీద ముందుకాళ్ళు పెట్టేలోపు సెక్రెటరీ మామ ఇస్త్రీ చొక్కాతోనే దాని మీద పడి రెండు చేతులా వాటేసుకున్నాడు. కెమెరాకు దొరికిన మంచి ఫోటో అదే.

అందరూ సర్దుకున్నాక మేడం నన్ను పక్కకు పిలిచింది. నా మొహం చూసే ఏదో ఉందని పసిగట్టినట్టుంది. నేను ఏదీ దాచలేదు. కబురు, పిలుపు, మా నాయన పంచె, పొట్టేలు కూర, అన్నీ కన్నడంలో చెప్పేశాను. ఇవి చెప్తుంటే జిరాక్సు అంగడి తలుపు ఇంకొంచెం తెరుచుకుంటోందని తెలుసు, అయినా ఆపలేకపోయాను. ఆమె మంద వైపు ఒకసారి చూసింది. తర్వాత, “అయితే నేను కొట్టేసింది తప్పా?” అంది.

“లేదు మేడం. ఆ మాటలు దండగే. మొదటి మెయిల్లో ఎన్ని అగైన్‌లు పెట్టినా అది ఒక్క కబురే. ఇంట్లో కూర్చుని రెండుసార్లు అరిస్తే రెండు పిలుపులు కావు. మళ్ళీ వెళ్ళి పిలవాలి. నేను మాటలు తగ్గించాల్సింది, మనిషిని తగ్గించేశాను.”

ఆమె నవ్వలేదు. తల మాత్రం ఊపింది. “నేనూ ఆ మెయిలుకు పర్‌ఫెక్ట్ అన్నాను” అని, కారెక్కి వెళ్ళిపోయింది. ఆ తల ఊపుడుకు అర్థం ఏమిటో తెలియక నేను చాలా రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ మధ్యలో ఆఫీసుకు మేడం నుంచి ఒక కొత్త పద్ధతి వచ్చింది. ఊళ్ళకు వెళ్ళే ఏ మెయిలైనా రెండుసార్లు పంపాలి. మొదట ఒకటి, పనికి ముందు రోజు ఒకటి. రెండోదానిలో కొత్త మాట ఒక్కటి కూడా ఉండకూడదు. ఇన్‌ఛార్జి సారు ఆ కాగితం ప్రింటు తీసి తన బల్ల మీద అంటించుకున్నాడు. “రెండో నట్టు” అన్నాడు నన్ను చూసి.

నెలాఖరుకు మేడం నుంచి మెయిలు వచ్చింది. ఒక్క వాక్యం. సైటు ఉత్తర ప్రత్యుత్తరాలకు నన్ను ఖాయం చేస్తూ. ఒక్క దండగ మాట లేదు. నేను కంటెయినరులోంచి బయటికి పరుగెత్తి అక్కడి నుంచే నాయనకు ఫోన్ చేశాను.

“నాయినా, ఉద్యోగం ఖాయమయినాది!”

“ఎవురు చెప్పినారు?”

“మేడం మెయిల్ పంపినాది.”

“ఒగసారే వచ్చినాదా?”

“ఒగసారే నాయినా. ఉద్యోగానికి గూడా రెండుసార్లా!”

“రానీలే. తొందరేముండాది.”

నేను విసుక్కుని ఫోన్ పెట్టేశాను. ఈ కాలంలో ఇంకా ఇదేం పట్టింపు అనుకున్నాను. చిత్రమేమిటంటే, సాయంత్రం షేర్ ఆటోలో పక్కన కూర్చున్న మా ఊరి అక్క “ఏమన్నా విశేషమా, మొగం ఎలిగిపోతాండాది” అని అడిగితే నా నోట “ఏం లేదక్కా” అనే వచ్చింది. మిఠాయి కొందామని అంగడి దగ్గర ఆగి, కొనకుండా వచ్చేశాను. నాకు కూడా ఇంకా పిలుపు అందలేదు.

మరుసటి రోజు పొద్దున మెయిలు తెరిస్తే పైనే ఉంది. నిన్నటి వాక్యమే, కామా కూడా మారలేదు. దాని కింద మాత్రం ఒక కొత్త వాక్యం. ‘ఐ రిపీట్ అగైన్.’

నా చెయ్యి దానంతట అదే ఎర్రగీత బొత్తం మీదికి వెళ్ళింది. చెప్పింది రెండోసారే. మూడోసారి అయితే అగైన్ ఉండవచ్చు, రెండోసారికి రిపీట్ ఒక్కటి చాలు. ఆ సంగతి నాకు నేర్పిన మనిషే రాసింది. తెలియక రాసే మనిషి కాదు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అక్షరాలు మసకబారాయి, చున్నీతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను. అప్పుడు నాయనకు ఫోన్ చేశాను.

“నాయినా, రెండోది వచ్చినాది.”

ఆయన పక్కకు తిరిగి మా అమ్మతో గట్టిగా అన్న మాట నాకు వినపడింది.

“ఏమే, ఆ పెట్టెలోంచి నా కొత్త పంచె తీ. పాపను పిల్సినారు.”